నాన్నకు రాని జబ్బు

మా నాన్నకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఆ మాట నేను ఫోన్లో అంటున్న సమయానికి ఆయన అమలాపురంలో, మా పెరట్లో కొబ్బరికాయలు దింపే మనిషితో చెట్టుకింత అని బేరమాడుతూ నిలబడి ఉన్నారు. ఫోన్లో అవతల ఉన్నది ఒక కన్సల్టెన్సీ రిక్రూటర్. ఇరవై అయిదారేళ్ల అమ్మాయి. "అయ్యో, ఏమైంది సర్?" అనడిగింది. అక్కడిదాకా నేను ఆలోచించుకోలేదు. "బీపీ" అన్నాను. బీపీకి ఎవరూ ఉద్యోగం మానుకోరని అన్నాక తట్టింది. అందుకని "బాగా ఎక్కువ బీపీ" అని చేర్చాను.

ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాయి నాకు. పద్నాలుగేళ్లుగా హైదరాబాదులో జావా కోడు రాసుకుని బతుకుతున్నాను. మీ కంపెనీకి రావడం నాకిష్టం లేదు అనే ఒక్క వాక్యం ఒక అమ్మాయికి చెప్పలేక కన్నతండ్రికి జబ్బు తెచ్చాను. తర్వాత జరిగినదానితో పోలిస్తే ఇది చిన్న తప్పే.

అసలు సంగతికి వస్తాను. గచ్చిబౌలి అవతల ఒక అద్దాల మేడలో ఉన్న కంపెనీకి నాలుగు రౌండ్లు ఇంటర్వ్యూ ఇచ్చాను. మొదటి రెండూ ఇంట్లో కూర్చునే అయిపోయాయి. గంటన్నర కోడు రాయించారు, ఇంకో రోజు గంటసేపు డిజైను అడిగారు. మర్యాదగానే ఉన్నారు. మూడోది మేనేజర్ రౌండు, దానికి ఆఫీసుకే రమ్మన్నారు. నాలుగోది హెచ్చార్‌తో, జీతం మాటలు. నా కథంతా ఆ మూడో రౌండులోనే ఉంది.

గదిలో ఇద్దరున్నారు. మాట్లాడేది మేనేజరు. పక్కన ఇంకొకాయన లాప్‌టాప్ తెరిచి నోట్సు రాసుకుంటున్నాడు. చివర్లో మామూలుగా "మీరేమైనా అడుగుతారా?" అంటారు కదా, నేనెప్పుడూ ఒకటే అడుగుతాను: చివరిసారి ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోయినప్పుడు ఏం జరిగింది అని. వారం పనిగంటలెన్ని, వాతావరణం ఎలా ఉంటుంది అని నేరుగా అడిగితే ఎవరైనా బ్రోషర్‌లో ఉన్నదే చెబుతారు. పడిపోయిన రోజు గురించి అడిగితే మాత్రం మనిషి కథ చెప్పడం మొదలుపెడతాడు, కథలో నిజం దాగదు. కొన్ని టీముల్లో ఫలానా కాన్ఫిగరేషన్ తప్పింది, దాన్ని పట్టాల్సిన టెస్టు లేదు, ఇప్పుడు పెట్టాం, రిలీజుకు ముందు ఒక తనిఖీ చేర్చాం అంటారు. ఆ కథలో వస్తువులుంటాయి. ఇంకొన్ని టీముల్లో కథ నిండా మనుషులే.

ఈయన కొంచెం ముందుకు వంగి, ఇష్టమైన సినిమా గురించి చెబుతున్నట్టు చెప్పాడు. రాత్రిపూట నడవాల్సిన పేమెంట్ల బ్యాచ్ ఒకటి మధ్యలో ఆగిపోయిందట. "ఎవడి కోడో అరగంటలో పట్టేశాం" అన్నాడు.

"తర్వాత ఏం మార్చారండీ?" అన్నాను.

"మనిషిని మార్చాం" అని నవ్వాడు.

పక్కాయన నవ్వలేదు, టైపు చేయడం ఆపి కీబోర్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. నా నిర్ణయం సగం అక్కడే అయిపోయింది.

మిగతా సగం క్యాంటీన్‌లో. హెచ్చార్ రావడానికి ఇంకా అరగంట పడుతుందని, ఆ టీములోనే పనిచేసే ఒక కుర్రాణ్ణి తోడిచ్చి టీ తాగించుకురమ్మన్నారు. నాలుగేళ్ల అనుభవం ఉంటుంది. లిఫ్టులో మాటల్లో వాళ్లది రావులపాలెం అని తెలిసింది. ఇంకేముంది, పది నిమిషాల్లో "అన్నా" అయిపోయాను. టీమెలా ఉంటుందని అడిగాను. "నేర్చుకోడానికి బాగుంటుందన్నా" అన్నాడు ముందు. టీ సగమయ్యాక గొంతు తగ్గించాడు. శనివారాలు కూడా లాగిన్ అవ్వమంటారట, అడగకపోయినా అవ్వాలట. ఈ ఏడాదిలో నలుగురు మానేశారట. "నేనూ చూస్తున్నానన్నా" అన్నాడు. నంబరిచ్చి, మీ దగ్గర ఖాళీలుంటే చెప్పమన్నాడు.

మర్నాడు సాయంత్రం రిక్రూటర్ అమ్మాయి ఫోను చేసి "కంగ్రాట్స్ సర్, సెలెక్టయ్యారు! ఆఫర్ అప్రూవల్‌కి వెళ్లింది" అంది. మనసులో వద్దని ముందురోజే తేల్చుకున్న మనిషిని, అప్పుడు నోటితో అన్నది "థాంక్యూ సో మచ్ అండీ". ఎందుకన్నానంటే, ఆవిడ అంత సంతోషంగా చెబుతుంటే మధ్యలో అడ్డుపడటం మర్యాద కాదనిపించింది. నా జీవితంలో సగం బుద్ధితక్కువ పనులు మర్యాద పేరుతోనే జరిగాయి.

ఆ తర్వాత తొమ్మిది రోజులు తేలుకుట్టిన దొంగలా ఉన్నాను. జీతం స్లిప్పులు పంపమని మెయిళ్లు వచ్చాయి. పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ అడిగారు. పదకొండు మిస్డ్ కాల్సు. ఫోను మోగినప్పుడల్లా తెర మీద ఆ నంబరు చూసి, మోగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టుకునేవాణ్ణి. చెప్పకుండా ఊరుకుంటే వాళ్లే అర్థం చేసుకుంటారని నా లెక్క. వాళ్ల వైపు ఆ తొమ్మిది రోజుల ఖరీదెంతో నాకు తర్వాత తెలిసింది.

పదో రోజు పొరపాటున వేరే నంబరనుకుని ఎత్తాను. ఆవిడే. అప్పుడొచ్చింది నాన్నగారి బీపీ.

ఇక్కడొకటి చెప్పాలి. అబద్ధం చెబితే తప్పు అనే సంగతి పక్కన పెట్టండి, ఈ పనిలో అబద్ధం అసలు పనికిరాదు. రిక్రూటర్ వృత్తే అడ్డంకులు తొలగించడం. మీరొక కారణం చెబితే అది ఆవిడకు ఒప్పుకోవాల్సిన నిర్ణయంలా వినపడదు, తీర్చాల్సిన సమస్యలా వినపడుతుంది. నిజమైన కారణమైతే దాన్ని తీర్చడం ఆవిడ చేతిలో ఉండదు, అక్కడితో ఆగుతుంది. అబద్ధపు కారణాన్ని మాత్రం చక్కగా తీర్చేయగలదు. రెండ్రోజుల్లో ఫోనొచ్చింది: "సర్, నేను క్లయింటుతో మాట్లాడానండీ. మీ ఫాదర్ విషయం చెప్పాను. మొదటి నెల అమలాపురం నుంచే పనిచేయొచ్చన్నారు!"

నా కోసం నిజంగా పోరాడి వచ్చిన గొంతు అది. నాకు చెమటలు పట్టాయి. బీపీ నాకే వచ్చేలా ఉంది.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. "జీతం కూడా కొంచెం..." అని నసిగాను. నాకొచ్చిన ఆఫరు 28 లక్షలు. వాళ్లు పెంచలేరని నా ధైర్యం. మూడ్రోజుల తర్వాత, 30 చేశారని ఫోను. ఇప్పుడిక జబ్బులూ లేవు, డబ్బులూ లేవు. అడిగిందల్లా ఇచ్చాక కూడా వద్దంటే నా పరువేం కాను అని అమాయకంగా భయపడ్డాను. పరువు పదకొండో మిస్డ్ కాల్ దగ్గరే పోయిందన్న సంగతి నాకు తెలియదు.

ఆ రాత్రి పన్నెండు దాటాక నాలో సత్యహరిశ్చంద్రుడు నిద్రలేచాడు. దాచింది చాలు, నిజం రాసేద్దాం, నిజమంతా రాసేద్దాం అనుకున్నాను. కూర్చుని మెయిల్ మొదలుపెట్టాను. రెండున్నరకి పూర్తయింది. తొమ్మిది వందల పైచిలుకు మాటలు. ఇప్పుడు చదువుకుంటే ఒళ్లు జలదరిస్తుంది గానీ, ఆ రాత్రి మాత్రం నేను భారతీయ సాఫ్ట్‌వేర్ రంగానికి సేవ చేస్తున్నానన్న నమ్మకంతో రాశాను.

అందులో మేనేజర్ నవ్విన తీరు వర్ణించాను. "విషపూరితం" అన్న మాట మూడుసార్లు వాడాను. అంతటితో ఆగక పాఠం చెప్పాను. విమానయానంలో పైలట్లు తమ పొరపాట్లు శిక్ష భయం లేకుండా చెప్పుకోవడానికి 1976లోనే అమెరికాలో నాసా నడిపే రిపోర్టింగ్ వ్యవస్థ వచ్చిందని రాశాను. 2012లో ఎట్సీ అనే కంపెనీలో జాన్ ఆల్‌స్పా, ఏదైనా పడిపోయినప్పుడు ఎవరినీ నిందించకుండా కారణం వెతకడం గురించి రాసిన వ్యాసం లింకు పెట్టాను. 2016లో గూగుల్ ఇంజనీర్ల పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే ఉందని, అది మీ మేనేజరు చదివితే బాగుంటుందని సలహా ఇచ్చాను. ఉద్యోగం వద్దని చెప్పడానికి 1976 నుంచి మొదలుపెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ విషయాలన్నీ నిజాలే. కానీ ఆ ఉత్తరం అందేది కన్సల్టెన్సీలో పనిచేసే అమ్మాయికి. ఆవిడకు ఆ మేనేజరు ముఖమైనా తెలీదు.

ఇదంతా నవ్వుకుని మరిచిపోయే బాపతు. మరిచిపోలేనిది కింద ఉన్న ఒక వాక్యం. నా మాటకు సాక్ష్యం కావాలి కదా అని రాశాను: "ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. ఆ రోజు నన్ను క్యాంటీన్‌కు తీసుకెళ్లిన మీ టీము సభ్యుడే శనివారాల గురించి, ఈ ఏడాది మానేసిన నలుగురి గురించి చెప్పాడు." పేరు రాయలేదు. పేరు రాయనందుకు నా విజ్ఞత నాకే ముచ్చటేసింది. ఆ రోజు నన్ను క్యాంటీన్‌కు తీసుకెళ్లింది ఒక్కడే. ఆధార్ నంబరిచ్చినా అంత కచ్చితంగా దొరకడు.

మర్నాడు ఉదయం ఆ అమ్మాయి నుంచి "నోటెడ్ సర్, విల్ ఇన్ఫార్మ్ ద క్లయింట్" అని వచ్చింది. ఆవిడ చేయాల్సిందే చేసింది. నా మెయిల్‌ను క్లయింటు హెచ్చార్‌కు ఫార్వర్డ్ చేసింది. హెచ్చార్, అభ్యర్థి ఎందుకు తప్పుకున్నాడో చెప్పాలి గనక, మేనేజరుకు ఫార్వర్డ్ చేసింది. మూడు మెట్లు. ప్రతి మెట్టు దగ్గరా ఎవరి పని వాళ్లు చేశారు, ఎవరూ ఒక్క మాట కూడా కొట్టేయలేదు.

నాలుగో రోజు రాత్రి వాట్సాప్‌లో ఆ కుర్రాడి మెసేజి. "అన్నా, మీ మెయిల్ సంగతి తెలిసింది. టీ తాగుతూ ఏం చెప్పావని ఈరోజు స్టాండప్‌లో అందరి ముందూ అడిగారు. మీరు ఆ ఒక్కటీ రాయకుండా ఉండాల్సింది." కింద ఇంకేం లేదు. నేను సారీ చెప్పాను. పెద్దగా రాసి, చెరిపి, చిన్నగా రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

మా వదిన బెంగుళూరులో రిక్రూటర్‌గా పన్నెండేళ్ల నుంచి ఉంది. సంక్రాంతికి అమలాపురం వచ్చినప్పుడు, అరిసెలు వండుతున్న పొయ్యి దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. నాన్నగారి జబ్బు దగ్గర పడీపడీ నవ్వింది. క్యాంటీన్ దగ్గర నవ్వు ఆగిపోయింది. "మెయిల్ చూపించు" అంది. చేతికంటిన పిండి తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని చివరిదాకా చదివింది.

"ఇదంతా ఏమవుతుందో తెలుసా నీకు? మా సాఫ్ట్‌వేర్‌లో అభ్యర్థి తప్పుకున్నాడు అని ఒక స్థితి ఉంటుంది. దాని పక్కన కారణం ఎంచుకోవాలి. జీతం, దూరం, వేరే ఆఫర్, సొంత కారణాలు, ఇతరం. నీ తొమ్మిది వందల మాటలూ కలిపి ఒక గడి. నేనైతే 'ఇతరం' నొక్కి పక్క అభ్యర్థి దగ్గరికి పోతాను."

"మరి వాళ్లకి నిజం తెలియక్కర్లేదా వదినా?"

"తెలియాలి. ఒక గడిలో పట్టేంత తెలియాలి. ఒకే మేనేజర్ దగ్గర్నుంచి నలుగురైదుగురు ఒకే రకం మాట చెప్పి తప్పుకుంటే, పైన కూర్చున్నవాళ్లకు అనుమానం వస్తుంది. రావచ్చు. ఒక్కడు రాసిన పురాణానికి మాత్రం ఏమీ రాదు. పైగా నువ్వు వాళ్లని ఎంతసేపు చూశావు? గంట. గంట చూసి విషపూరితం అని తీర్పిస్తే నిన్నే అనుమానిస్తారు."

అది నిజమే. ఆ మేనేజరు నిజంగా అంత చెడ్డవాడో, ఆ రోజు కొత్తవాడి ముందు గొప్పకు పోయాడో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఒకటే, ఆయన ఆ కథ చెప్పిన గదిలో కూర్చుని నేను పనిచేయలేను. ఆ రెండో సంగతి రాయడానికి సాక్షులక్కర్లేదు, చరిత్రా అక్కర్లేదు.

అప్పుడు నా తొమ్మిది రోజుల ఖరీదు కూడా చెప్పింది. ఆఖరి రౌండు అయ్యాక కంపెనీలు తరచూ ఇద్దర్ని చేతిలో పెట్టుకుంటాయట. మొదటివాడు సరేనన్నాక రెండోవాడికి సారీ మెయిల్ పోతుంది. మొదటివాడు నోరు మెదపకపోతే రెండోవాణ్ణి "ప్రాసెస్‌లో ఉంది" అని కూర్చోబెడతారు. అతగాడు ఎన్నాళ్లని కూర్చుంటాడు, ఇంకోచోట చేరిపోతాడు. మన దగ్గర చాలామందికి నోటీసు పీరియడే 90 రోజులు, కాబట్టి కొత్తగా వెతుకుడు మొదలుపెడితే మనిషి వచ్చి కుర్చీలో కూర్చునేసరికి నాలుగైదు నెలలు. ఇక ఆ కన్సల్టెన్సీ అమ్మాయి సంగతి. వాళ్లకు కంపెనీ ఇచ్చే ఫీజు చాలాచోట్ల ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. నా 28 లక్షల మీద రెండు లక్షల ముప్పై వేల పైమాట. అది మనిషి చేరితేనే వస్తుంది. చేరాక ఒప్పందంలో రాసుకున్న గడువులోపు, చాలాసార్లు మూడు నెలలు, మానేస్తే ఉచితంగా ఇంకొకర్ని తెచ్చివ్వాలి. "నీ కోసం నెల రోజులు ఊళ్లోంచి పని ఇప్పించింది చూడు, ఆ అమ్మాయి తన నెల టార్గెట్ నీ మీదే పెట్టుకుని ఉంటుంది" అంది వదిన.

నేను జీతం పెంచమని నసిగినప్పుడు ఆవిడ ఎన్ని మెయిళ్లు రాసి ఉంటుందో లెక్కవేసుకున్నాను. అరిసె చేదుగా ఉంది.

"ఇంతకీ ఎలా చెప్పాల్సింది?" అన్నాను.

"నిర్ణయమైన రోజునే, లేదా మర్నాడు. కన్సల్టెన్సీ వాళ్లకైతే ముందు ఫోను, రెండు నిమిషాలు. తర్వాత అరగంటలో మెయిలు, ఎందుకంటే ఆ పిల్ల దాన్ని అలాగే పైకి పంపుకోవాలి. పైకి పోతుందని తెలిసే రాయాలి. అందరూ చదువుతారు అనుకుని రాయి, ఆ మేనేజరు కూడా." అని, ఫోను నా చేతికిచ్చి టైపు చెయ్యమంది. అక్కడే, నూనె వాసనలో, జరిగిపోయిన పెళ్లికి శుభలేఖ రాసినట్టు రాశాం. ఇంగ్లీషులో రాసిందాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. మొన్నటి ఇంటర్వ్యూలకు, మీరు తీసుకున్న శ్రమకు ధన్యవాదాలు. ఆలోచించాక, ఈ ఉద్యోగానికి నా అభ్యర్థిత్వాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. టీముతో మాట్లాడినప్పుడు, ప్రొడక్షన్ సమస్యలు వచ్చినప్పుడు వాటిని చూసే పద్ధతి నేను పనిచేసే పద్ధతికి సరిపోదనిపించింది. ఇది జీతానికి, ఇతర వెసులుబాట్లకు సంబంధించినది కాదు, నిర్ణయం ఖాయం. టీముకు తగిన వ్యక్తి దొరకాలని కోరుకుంటున్నాను."

ఐదే వాక్యాలు. రాయడానికి మాత్రం గంట పట్టింది, ఎందుకంటే ప్రతి వాక్యం మీదా నేను పోట్లాడాను. మొదటి పోట్లాట శనివారాల గురించి. అది పెద్ద విషయం కదా, ఎందుకు రాయకూడదన్నాను. "నీకు ఎవరు చెప్పారు?" అంది. ఆ కుర్రాడు. "మేనేజర్ నీతో అన్నాడా? హెచ్చార్ అన్నదా? లేదు కదా. అయితే నీకు తెలియనట్టే. గదిలో కూర్చుని అధికారికంగా నీతో అన్నదే నీది. టీ దగ్గర విన్నది వాడిది." ప్రొడక్షన్ కథ మేనేజరు తన నోటితో, నా ప్రశ్నకు జవాబుగా, ఇంకొకరి ముందు చెప్పాడు. దాన్ని ప్రస్తావిస్తే ఎవరి మెడకూ చుట్టుకోదు, తన జవాబు తనకే గుర్తుంటుంది.

రెండో పోట్లాట "సరిపోదనిపించింది" దగ్గర. ఇది పిరికి మాట, వాళ్ల తప్పు ఉంటే నా పద్ధతి అని నెపం నా మీద వేసుకోవడమేంటి అన్నాను. వదిన కొంచెం ఆలోచించింది. "మీది చెడ్డ పద్ధతి అని రాశావనుకో, వాళ్లు కాదని వాదించగలరు. వాళ్లకి సాక్ష్యాలుంటాయి, అవార్డులుంటాయి, ఉద్యోగులు సంతోషంగా ఉన్నారని సర్వేలుంటాయి. నాకు సరిపోదు అని రాస్తే వాదించడానికి ఏమీ ఉండదు. నీకేది సరిపోతుందో నీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?" నా పట్టుదల కొంచెం సడలింది గానీ పూర్తిగా ఒప్పుకోలేదు, ఇప్పటికీ. ఆ మాటలో కొంచెం పిరికితనం ఉంది. కాకపోతే ఆ పిరికితనం వల్ల ఎవరి ఉద్యోగం మీదకీ రాదు.

నాలుగో వాక్యాన్ని మాత్రం మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాను. "జీతానికి సంబంధించినది కాదు, నిర్ణయం ఖాయం." ఆ ఒక్క వాక్యం నేను మొదటిరోజే రాసి ఉంటే అమలాపురం నుంచి పని ఉండేది కాదు, ఆ రెండు లక్షల పెంపు ఉండేది కాదు, నాన్నకు బీపీ ఉండేది కాదు. ఇంకా చేరతాడేమో, ఇంకొంచెం అడుగుతున్నాడేమో అన్న ఆశ ఎక్కడా మిగలకుండా తలుపు వేసే గడియ అదే. "ప్రస్తుతానికి" అనీ, "పరిస్థితులు మారితే" అనీ నేను చేర్చబోతే వదిన చేతి మీద కొట్టింది.

హైదరాబాదు రాగానే ఆ రిక్రూటర్ అమ్మాయికి ఫోను చేశాను. ముందు ఎత్తలేదు. న్యాయమే. సాయంత్రం తనే చేసింది. నాన్నగారి విషయం అబద్ధమని చెప్పాను. కాసేపు మాటలేదు. తర్వాత "తెలుసు సర్" అంది.

"ఎలా?"

"మా ఫాదర్‌కి బీపీ ఉంది సర్. మీ ఫాదర్ ఏ మాత్రలు వేసుకుంటున్నారో కూడా మీరు చెప్పలేకపోయారు."

ఆ మొదటి ఫోన్లో, నిజమే, ఆవిడ మందుల గురించి అడిగింది. నేను "ఏవో ఇస్తున్నారండీ" అన్నాను. తెలిసి కూడా వాళ్లతో మాట్లాడి నెల రోజులు ఇంటి నుంచి పని ఇప్పించింది. ఎందుకని అడిగితే, "అబద్ధం చెప్పేవాళ్లు కూడా ఒక్కోసారి చేరతారు సర్" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. మీరు వద్దనుకుంటున్నారని మొదటివారమే చెప్పి ఉంటే ఆ రెండో అభ్యర్థిని నిలబెట్టుకునేదాన్ని, ఆయన కూడా మా కన్సల్టెన్సీ ద్వారా వచ్చినవాడే అంది. నేను విన్నాను. విని చేయగలిగింది లేదు.

ఇంట్లో నాన్నకు ఈ కథ ఎవరు మోశారో నాకు తెలుసు. వదినే. వారం తర్వాత ఫోన్లో, మాటల మధ్యలో, "బీపీ ఏంటిరా బీపీ, అంత చప్పటి జబ్బు తెచ్చావు నాకు. చెప్పేదేదో హార్ట్ అని చెప్తే అప్పుడే వదిలేసేవాళ్లుగా" అన్నారు. కొబ్బరి ధర పడిపోయిందని కూడా చెప్పారు.

ఆ కుర్రాడు ఆ టీములో ఉన్నాడో మానేశాడో నాకు తెలియదు. లింక్డ్‌ఇన్‌లో చూద్దామని రెండుసార్లు పేరు టైపు చేసి, నేను చూశానని అతనికి తెలుస్తుందేమోనని చెరిపేశాను. మా కంపెనీలో ఖాళీ వచ్చినప్పుడు లింకు మాత్రం పంపాను. రెండు నీలం టిక్కులు.

పోయినేడు ఇంకోచోట ఇంటర్వ్యూ ఇచ్చాను. రెండో రౌండులో ఇద్దరు ఇంటర్వ్యూయర్లు నా ముందే ఒకరి మాట ఒకరు తుంచేసుకుంటూ, నేను జవాబిచ్చిన ప్రశ్న ఎవరిదన్న దాని మీద పోట్లాడుకున్నారు. అది కూడా ఒక గంటే, మంచివాళ్లే కావచ్చు. ఆ సాయంత్రమే వాళ్ల రిక్రూటర్‌కు ఫోను చేసి ఒకటిన్నర నిమిషం మాట్లాడాను. అరగంటలో మెయిలు పెట్టాను. ఐదు వాక్యాలు కూడా కాలేదు, నాలుగే. 1976 ఊసెత్తలేదు.

పదహారు నిమిషాల్లో జవాబు వచ్చింది: "నోటెడ్. థాంక్యూ ఫర్ లెట్టింగ్ అస్ నో."

అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు, బతిమాలలేదు, జీతం పెంచలేదు. రాత్రి అన్నం తిన్నాక ఇంకోసారి మెయిల్ తెరిచి చూశాను, ఇంకేమైనా రాశారేమోనని.